‘కాజేశాడు’ అని రాసే ముందు

“వార్డెన్ పిల్లల బియ్యం కాజేశాడు.” ఒక శాఖాపరమైన విచారణ ఫైలులో ఈ వాక్యం మూడు చోట్ల కనిపించవచ్చు. తల్లిదండ్రులు పెట్టుకున్న అర్జీలో ఉంటే అది ఆరోపణ. వంటమనిషి వాంగ్మూలంలో ఉంటే, ఆమె కళ్లారా చూసిందో ఎవరో చెబితే విందో తేలేదాకా దాని బరువు ఎంతో చెప్పలేం. విచారణాధికారి నివేదిక చివరి పేజీలో ఉంటే అది నిర్ధారణ, ఒక మనిషి ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంటుంది. అర్జీలోని మాట ఎవరూ రుజువు చేయకుండానే పేజీలు దాటుకుంటూ చివరి పేజీకి చేరిపోవడం విచారణ నివేదికల్లో తరచూ కనిపించే లోపం. కోర్టుల్లో శిక్షలు కొట్టుడుపోయేదీ చాలాసార్లు ఇక్కడే.

ఇలా జరగకూడదనే నియమాలు నివేదికకు ఒక చట్రం బిగించాయి. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 1991 నాటి సివిల్ సర్వీసుల (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమాల్లోని 20వ నియమం, కేంద్ర ఉద్యోగులకు 1965 నాటి నియమాల్లోని 14వ నియమం పెద్ద శిక్షలకు దారితీసే విచారణ ఎలా నడపాలో చెబుతాయి. ముందు ఉద్యోగికి అభియోగ పత్రం ఇస్తారు. మన ఆఫీసుల్లో దాన్నే ఛార్జ్ మెమో అంటారు. అభియోగాలు, వాటి వెనకున్న సంగతుల వివరణ, రుజువుగా చూపబోయే పత్రాల జాబితా, సాక్షుల జాబితా దానికి జతచేస్తారు. విచారణ ముగిశాక నివేదికలోనూ నాలుగు భాగాలుండాలి: అభియోగాలు, ఉద్యోగి ఇచ్చుకున్న సమాధానం, ఒక్కో అభియోగం మీద సాక్ష్యాల పరిశీలన, ఒక్కో అభియోగం మీద కారణాలతో సహా నిర్ధారణ. చట్రం అందరికీ తెలిసిందే. ఒక భాగంలో ఉండాల్సిన మాట ఇంకో భాగంలోకి జారకుండా చూసుకోవడమే కష్టం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరూ మనుషులూ అంకెలూ కల్పితమే. ఒక ప్రభుత్వ వసతి గృహంలో రాత్రి 9 గంటలకు సహాయ సంక్షేమాధికారి ఆకస్మిక తనిఖీ చేశారు. అరగంట ముందు వేసిన హాజరు పట్టీలో 96 మంది ఉన్నారు. లెక్కపెడితే 71 మందే తేలారు. స్టాక్ రిజిస్టరు ప్రకారం 850 కిలోల బియ్యం ఉండాలి. కాటా వేస్తే 700 వచ్చాయి. వార్డెన్ మీద రెండు అభియోగాలు పెట్టారు. ఒకటి, లేని 25 మందికి హాజరు వేశారని. రెండు, 150 కిలోల బియ్యం బయట అమ్ముకున్నారని.

నివేదిక మొదటి భాగంలో ఈ రెండూ ఛార్జ్ మెమోలో ఎలా ఉన్నాయో అలాగే ఎత్తి రాయాలి. విచారణాధికారి తన మాటల్లో తిరగరాయకూడదు. “పేద పిల్లల నోటి దగ్గర కూడు లాక్కున్న” అని ఒక విశేషణం తగిలిస్తే చాలు, సాక్ష్యం వినకముందే తీర్పు రాసినట్టవుతుంది. ఇక్కడ ప్రతి వాక్యం ‘అని అభియోగం’ అనే ముగియాలి. రెండో భాగంలో వార్డెన్ జవాబుకూ అదే మర్యాద దక్కాలి. “వార్డెన్ తప్పించుకోజూశారు” అని కాకుండా “మూడు రోజుల బియ్యం వాడకం రిజిస్టరులో ఎక్కించలేదని వార్డెన్ తెలిపారు” అని రాయాలి. అది నమ్మదగిందో కాదో తేల్చే చోటు తర్వాత వస్తుంది.

అసలు పని మూడో భాగంలో ఉంది. తనిఖీ చేసిన అధికారి పై అధికారికి పంపిన నివేదిక ఫైలులో ఉంది కదా, అదే సాక్ష్యం అనుకుంటారు చాలామంది. అది ప్రాథమిక విచారణ కాగితం మాత్రమే. దాన్ని రాసిన మనిషి సాక్షిగా వచ్చి, తాను ఏం చూశారో చెప్పి, ఉద్యోగి తరఫు వారు వేసే ఎదురు ప్రశ్నలకు జవాబిచ్చాకే అందులోని సంగతులకు బలం వస్తుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉద్యోగి రూప్ సింగ్ నేగీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చి చెప్పింది. పత్రాలు దాఖలు చేసినంత మాత్రాన వాటిలో ఉన్నది రుజువైనట్టు కాదని, ఎఫ్‌ఐఆర్ దానంతట అదే సాక్ష్యం కాదని చెబుతూ ఆ ఉద్యోగి మీది చర్యను రద్దు చేసింది.

మన ఉదాహరణలో సహాయ సంక్షేమాధికారి మొదటి సాక్షిగా వచ్చారు. ఆ రాత్రి గదిగదికీ తిరిగి తయారుచేసిన పేర్ల జాబితా చూపారు. వార్డెన్ తరఫున హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు వచ్చారు. గైర్హాజరైన 25 మందిలో 9 మంది పదో తరగతి పిల్లలు ఆ సమయానికి తన స్కూల్లో ప్రత్యేక తరగతిలో ఉన్నారని అక్కడి హాజరు పుస్తకం చూపించారు. అలా వెళ్లిన పిల్లలను హాస్టల్లో ఉన్నట్టే వేయడం ఆనవాయితీ అని మొదటి సాక్షి కూడా ఎదురు ప్రశ్నల్లో ఒప్పుకున్నారు. ఆ పుస్తకం తర్వాత పుట్టించిందని ప్రభుత్వం తరఫున వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసర్ అన్నారు, దానికి రుజువేమీ చూపలేదు. నివేదికలో ఈ మాట ‘వాదించారు’ అనే క్రియతోనే ఆగాలి. వాదన ఎంత గట్టిగా చేసినా సాక్ష్యం లెక్కలోకి రాదు.

ఇక 16 మంది మిగిలారు. వాళ్లలో ఐదుగురు సాక్షులుగా వచ్చి, ఆ వారమంతా ఇంటి దగ్గరే ఉన్నామని చెప్పారు. మిగతా 11 మంది విషయంలో నేరుగా చెప్పినవాళ్లు లేరు. తనిఖీ జాబితాలో వాళ్లు కనిపించలేదు. హాజరు వేశాక జాతరకు వెళ్లి ఉంటారని వార్డెన్ అన్నారు. కానీ బయటికి వెళ్లేవాళ్ల పేర్లు రాసే గేటు పుస్తకంలో ఆ రాత్రి ఒక్క పేరూ లేదు. మంచి నివేదిక ఈ 16 మందినీ ఒకే గాటన కట్టదు. ఐదుగురి విషయం ప్రత్యక్ష సాక్ష్యంతో తేలిందని, 11 మంది విషయం గేటు పుస్తకాన్నీ హాజరుకు తనిఖీకి మధ్యనున్న అరగంట వ్యవధినీ బట్టి ఊహించిందని విడివిడిగా చెబుతుంది. శాఖాపరమైన విచారణలో క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావు లేనంత రుజువు అక్కర్లేదు. ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో చూస్తే సరిపోతుంది. అలాంటి ఊహకు చోటుంది, ఊహ అని చెప్పి చేయాలంతే.

వినికిడి సాక్ష్యాన్నీ ఇలాగే చూడాలి. హర్యానా రోడ్‌వేస్ కండక్టర్ రత్తన్ సింగ్ కేసులో టికెట్ లేని ప్రయాణికులు ఒక్కరూ సాక్షులుగా రాలేదు. తనిఖీ బృందం ఇన్‌స్పెక్టర్ చెప్పిందే ఆధారం. 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ చర్యను నిలబెట్టింది. శాఖా విచారణలో సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించనక్కర్లేదని, నమ్మదగినదైతే, సంబంధం ఉన్నదైతే వినికిడి మాటనూ తీసుకోవచ్చని చెప్పింది. అంతమాత్రాన ఊరి మాటంతా సాక్ష్యమైపోదు. 1963 నాటి హెచ్.సి. గోయెల్ కేసులో, అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో కూర్చోలేదని అదే కోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్యనే విచారణాధికారి నడవాలి.

బియ్యం అభియోగం దగ్గర ఆ నడక కనిపిస్తుంది. వంటమనిషి ఏ రోజుకారోజు వంటకు తీసిన బియ్యం తన నోటు పుస్తకంలో రాసుకుంది. రిజిస్టరులో ఎక్కని మూడు రోజులకూ 31, 33, 32 కిలోలని అందులో ఉంది. మొత్తం 96. అంటే 150 కిలోల తేడాలో 96 కిలోలకు లెక్క దొరికింది, 54 కిలోలకు దొరకలేదు. అదే వంటమనిషి, వార్డెన్ బియ్యం ఒక వ్యాపారికి అమ్ముతారని కూడా చెప్పింది. ఎలా తెలుసని అడిగితే “ఊళ్లో అనుకుంటున్నారండీ” అంది. ఎవరన్నారో చెప్పలేకపోయింది. ఆ వ్యాపారిని ఎవరూ పిలిపించలేదు, రశీదు గానీ బండి గానీ చూసినవాళ్లు లేరు. ఒకే సాక్షి చెప్పినా, నోటు పుస్తకం నమ్మదగింది, అమ్మకం మాట కాదు. ఎందుకు ఒకటి తీసుకుని ఇంకోటి వదిలేశారో నివేదిక రాయాలి. రాయకపోతే నచ్చింది ఏరుకున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు నిర్ధారణ. మొదటి అభియోగం 16 మంది మేరకు రుజువైంది, 9 మంది మేరకు రుజువు కాలేదు. రెండో దానిలో 54 కిలోల తరుగు రుజువైంది, అమ్ముకున్నారన్నది రుజువు కాలేదు. ఇక్కడ నసగకూడదు. నిష్పాక్షికంగా రాయడమంటే ఎటూ తేల్చకుండా వదిలేయడమని కొందరు అనుకుంటారు. “అవకతవకలు జరిగి ఉండవచ్చని తెలుస్తోంది” అని రాస్తారు. ఆ వాక్యంతో ఎవరికీ పని జరగదు. శిక్ష వేయడానికి అది చాలదు, ఉద్యోగి మీది మచ్చ పోవడానికీ చాలదు. రుజువైంది, కాలేదు, ఇంతవరకే రుజువైంది అనే మూడింట్లో ఒకటి రాసి, ఏ సాక్షి, ఏ పత్రం, ఏ పేజీ అన్నది పక్కనే చూపాలి.

ఒక చిక్కు మిగిలింది. మూడు రోజుల వాడకం రిజిస్టరులో ఎక్కించకపోవడం కూడా తప్పే, కానీ అది ఛార్జ్ మెమోలో లేదు. అలాంటి కొత్త తప్పు మీద నిర్ధారణ రాయాలంటే ఆ సంగతులను ఉద్యోగి ఒప్పుకునైనా ఉండాలి, లేదా దాని మీద చెప్పుకునే అవకాశం అతనికి దొరికైనా ఉండాలని నియమం. వార్డెన్ తన సమాధానంలో తానే ఒప్పుకున్నారు కాబట్టి, ఆ వాక్యాన్నే చూపించి రాయవచ్చు. అదే గేటు పుస్తకం సరిగా నిర్వహించలేదన్నది ఆయన ఒప్పుకోలేదు, ఆయన్ని ఎవరూ అడగనూ లేదు. దాన్ని నేరంగా రాయడానికి వీల్లేదు.

శిక్ష ఎంతన్నది విచారణాధికారి పని కాదు, క్రమశిక్షణాధికారిది. ఆ అధికారి నిర్ణయం తీసుకునే ముందు నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి తీరాలని 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థకు, బి. కరుణాకర్ అనే ఉద్యోగికి మధ్య నడిచిన కేసది. అందుకే నివేదికను జాగ్రత్తగా చదివే మొదటి పాఠకుల్లో అభియోగం మోస్తున్న మనిషి కూడా ఉంటాడు. ‘54 కిలోల తరుగు, ఆధారం కాటా చీటీ, నోటు పుస్తకం’ అని ఉంటే అతను కాటా మీదో కూడిక మీదో జవాబు చెప్పుకోగలడు. ‘కాజేశాడు’ అని ఉంటే కాదనడం తప్ప అతను చెప్పుకోగలిగిందేమీ ఉండదు. నివేదికతో ఏకీభవించని పై అధికారి కూడా తన కారణాలు రాసి ఉద్యోగికి తెలిపి, అతని జవాబు విన్నాకే ముందుకు వెళ్లాలి. ఆ కారణాలు వెతుక్కోవాల్సింది మూడో భాగంలోని సాక్ష్యాల్లోనే. అందుకే ఆ భాగం నిర్ధారణ నీడ పడకుండా, విడిగా నిలబడేలా ఉండాలి.