రిసెప్షన్ దావత్: ప్లేట్ల లెక్క ఎట్ల పట్టాలె?

క్యాటరింగాయన "ఎన్ని ప్లేట్లన్నా?" అంటే కార్డుల లెక్క చెప్పొద్దు. ఒక్క కార్డుకు నలుగురు రావచ్చు, ఒక్కరూ రాకపోవచ్చు. మనుషుల లెక్కనే రాయాలె.

పిలిచినోళ్లు 600 మంది అనుకుందాం. ఖాయంగ వచ్చేటోళ్లు 250, అందర్నీ లెక్కబెట్టాలె. వస్తరో రారో తెల్వనోళ్లు 200, సగం పట్టాలె. మొకమాటానికి పిలిచినోళ్లు 150, ఐదుగురిల ఒకరు. మొత్తం 380.

అట్లని 380కి మాట ఇయ్యొద్దు. 350 ప్లేట్లకు గ్యారెంటీ ఇచ్చి, ఇంకో 50 దాకా అదే రేటుకు పెట్టాలని ముందే కాగితం మీద రాయించుకోవాలె. ప్లేటు 300 రూపాయలైతే 1,05,000. ఆ 50 కూడా లేస్తే ఇంకో 15,000. వడ్డించేటోళ్లు, నీళ్లు, బండి కిరాయి వేరేగ 8,000 అనుకుంటే, 1,28,000 చేతిల ఉండాలె.

300 మందే వచ్చినా 350కి కట్టాల్సిందే. పైఖర్చుతోని 1,13,000 అయితది. అంటే ప్లేటు 300 కాదు, 377 పడ్డట్టు. గ్యారెంటీ ఎంత ఎక్కువ చెప్తే నష్టం అంత పెరుగుతది.

దావత్ షురూ కాకముందు ఒకసారి, అయినంక ఒకసారి మనోడొకడు నిలబడి ప్లేట్లు లెక్కబెట్టాలె. నడుమ కడిగి మళ్ల పెట్టినవి కూడా రాసుకోవాలె. లేకుంటే బిల్లు కాడ లొల్లే.