ఇరవై రెండో ర్యాంకు షేర్‌ను అమ్మాలా?

ఎంసెట్‌లో ఒకరికి 1,900, ఇంకొకరికి 2,200 ర్యాంకు వస్తే మొదటి పిల్లాడే తెలివైనవాడని తేల్చేయలేం. ఒక బిట్టు అటూ ఇటూ అయితే ర్యాంకులు తారుమారు. ర్యాంకుల ప్రకారం షేర్లు కొనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతే ఏటా వేల రూపాయలు చేజారతాయి.

ఈ పద్ధతి పేరు మొమెంటం. ఈమధ్య బాగా పెరిగిన షేర్లు ఇంకొన్ని నెలలు అదే ఊపులో ఉంటాయన్నది దీని నమ్మకం. అమెరికా మార్కెట్ లెక్కలతో జగదీశ్, టిట్‌మన్ 1993లో ప్రచురించిన పరిశోధన దీన్ని ప్రపంచానికి బాగా తెలిసేలా చేసింది. మనకూ నిఫ్టీ 200 మొమెంటం 30 అనే సూచీ ఉంది. కాకపోతే అది ఆరు నెలలకోసారి మారుతుంది. మనం ఇక్కడ చూడబోయేది నెలనెలా మార్చే పద్ధతి.

ర్యాంకు వేయడం ఎక్సెల్ వచ్చినవాళ్లకి అరగంట పని. నిఫ్టీ 200 షేర్లు తీసుకోండి. 2025 మార్చి ఆఖరున లెక్క వేస్తున్నామంటే, 2024 మార్చి ఆఖరి ధర నుంచి 2025 ఫిబ్రవరి ఆఖరి ధరకు ఎంత శాతం పెరిగిందో చూడాలి. చివరి నెలను కావాలనే వదిలేస్తాం, ఎందుకంటే ఒక్క నెలలో ఎగిరిన షేర్ తర్వాతి నెల కాస్త చల్లబడటం మామూలే. ఎక్కువ పెరిగినదానికి ఒకటో ర్యాంకు. పైనుంచి ఇరవై షేర్లు, ఒక్కోదానికి 50,000 చొప్పున మొత్తం పది లక్షలు.

అసలు తలనొప్పి వచ్చే నెల మొదలవుతుంది. కొత్త జాబితా వేశాక మన ఇరవైలో ఏడు షేర్లు కిందికి జారాయనుకుందాం: 22, 24, 27, 31, 38, 46, 73 ర్యాంకులకు. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే ఏడింటినీ అమ్మి, వేరే ఏడు కొనాలి. 50,000 విలువైన షేర్ అమ్మి ఇంకోటి కొంటే రెండు వైపులా ఎస్‌టీటీ 0.1 శాతం చొప్పున వంద రూపాయలు, కొనుగోలు మీద స్టాంపు డ్యూటీ ఏడున్నర, డీమ్యాట్ వగైరా చార్జీలు ఇంకొంత. చూసిన ధరకూ దొరికిన ధరకూ ఉండే తేడాను వైపుకి 0.2 శాతంగా లెక్కేస్తే మరో రెండు వందలు. మొత్తం మార్పుకు సుమారు 325 రూపాయలు. నెలకు ఏడు చొప్పున ఏడాదికి 84 మార్పులు, అంటే 27,300 రూపాయలు. పెట్టుబడిలో 2.7 శాతం ఇక్కడే ఆవిరి. ఇంతా చేసి 22వ ర్యాంకు షేర్ వచ్చే నెల మళ్లీ 18కి రావచ్చు!

అందుకే కొనడానికి ఒక గీత, అమ్మడానికి ఇంకో గీత పెట్టుకోవాలి. మొదటి ఇరవైలో ఉంటేనే కొంటాం, నలభై దాటితేనే అమ్ముతాం. మన ఉదాహరణలో 22 నుంచి 38 దాకా ఉన్న ఐదూ నిలుస్తాయి. 46, 73 పోతాయి. వాటి స్థానంలో మన దగ్గర లేనివాటిలో పై ర్యాంకున్న రెండు వస్తాయి. నెలకు రెండే మార్పులైతే ఏడాది ఖర్చు 7,800. పన్ను కూడా గుర్తుండాలి: ఏడాదిలోపు అమ్మిన లాభం మీద 20 శాతం, దాటాక అమ్మితే 12.5. గీత కింద ఉన్నంతకాలం కొన్ని షేర్లు ఏడాది దాటే అవకాశం పెరుగుతుంది.

నలభై అన్న సంఖ్యలో మహిమేమీ లేదు. పాత లెక్కల్లో 40కి లాభం అదిరిపోయి, 35కీ 45కీ నీరుగారిపోతే అది అదృష్టమే తప్ప పద్ధతి కాదు. పాత లెక్కల్లో ఇంకో మోసం కూడా ఉంది. ఇవాళ్టి నిఫ్టీ 200 జాబితాను పదేళ్ల వెనక్కి తీసుకెళ్తే, మధ్యలో పడిపోయి బయటికెళ్లినవి లెక్కలోకే రావు. అలాంటివి మాయమై, ఫలితం అందంగా కనిపిస్తుంది. బోనస్‌లను సర్దని ధరలదీ ఇదే తంతు. ఒక షేర్‌కు ఒక షేర్ బోనస్ ఇస్తే ధర సగమవుతుంది. పొరపాటున నేనొకసారి అలాంటి షేర్‌ను అట్టడుగు ర్యాంకులో చూసి, కంపెనీ మునిగిందనుకుని అమ్మేశాను. ఏ ర్యాంకైనా ఒక్క నెలలో వంద మెట్లు జారితే ముందు బోనస్, స్ప్లిట్ వార్తలు వెతకడం అప్పటి నుంచి అలవాటైంది.

మార్కెట్ అడ్డం తిరిగిన నెలలో ఒకేసారి ఎనిమిది షేర్లు నలభై దాటొచ్చు. దానికి మరో కళ్లెం: నెలకు మూడుకు మించి మార్చకూడదు. అట్టడుగు ర్యాంకులవి మూడు ముందు పోతాయి, మిగతా ఐదు వరుసలో నిలబడతాయి. ఈ కళ్లెం ఊరికే రాదు, పడుతున్న షేర్లను ఇంకో నెల మోయాల్సిందే. లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కుంటే అమ్ముదామన్నా కొనేవాడుండడు. అందుకే నా షీట్‌లో ‘ఆగినవి’ అని ఒక కాలమ్ పెట్టుకున్నాను. అందులో ఒకే పేరు వరుసగా మూడు నెలలు కనిపించిందంటే కళ్లెం మరీ బిగిసిందని అర్థం. అప్పుడు మూడును నాలుగు చేస్తాను.