చీర తెనాలికి, పార్శిల్ కూకట్‌పల్లికి

డ్రాప్ షిప్పింగ్‌లో అమ్మేవారి దగ్గర సరుకు ఉండదు. విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒకావిడ, వచ్చిన ఆర్డర్లను సూరత్‌లోని సప్లయర్‌కు పంపుతుందనుకుందాం. ప్యాకింగ్, లేబుల్, కొరియర్ అన్నీ అక్కడే జరిగిపోతాయి. పార్శిల్‌ను ఆమె చూడనైనా చూడదు. కానీ బిల్లు మీద ఉండేది ఆమె షాపు పేరే కాబట్టి, చీర వేరే ఇంటికి చేరితే ఫోన్ మోగేది ఆమెకే.

ఒకసారి తప్పితే సర్దుకుంటారు. పదే పదే తప్పుతుంటే "అడ్రస్ జాగ్రత్తగా చూడండి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెడితే సరిపోదు. అవతలి నుంచి సారీ వస్తుంది, వారం తిరక్కుండా మళ్లీ అదే తప్పు వస్తుంది. అసలు తప్పు ఎక్కడ పుడుతోందో ముందు పట్టుకోవాలి.

ఆమె తప్పిపోయిన నాలుగు పార్శిళ్ల లేబుళ్ల ఫోటోలు తెప్పించుకుని, ఆర్డర్ల పక్కన పెట్టి చూసింది. నాలుగింటిలోనూ డబ్బు కట్టింది ఒకరు, చీర అందుకోవాల్సింది మరొకరు. కూకట్‌పల్లిలో ఉండే కూతురు తెనాలిలోని అమ్మకు చీర బుక్ చేస్తే, లేబుల్ మీద 522201 ఉండాల్సిన చోట 500072 పడింది. షాపిఫై నుంచి దించుకునే ఆర్డర్ల ఫైల్లో డబ్బు కట్టినవారి Billing కాలమ్స్ ముందు వస్తాయి, సరుకు అందాల్సిన Shipping కాలమ్స్ ఆ తర్వాత వస్తాయి. లేబుళ్లు చేసే కుర్రాడు ముందు కనబడ్డ అడ్రస్‌నే తీసుకుంటున్నాడు. తమ కోసం తాము కొనుక్కునేవాళ్లకు రెండు అడ్రస్‌లూ ఒకటే గనక చాలా పార్శిళ్లు సరిగ్గానే చేరాయి. తప్పు అన్నాళ్లు దాగింది అందుకే.

ఇప్పుడు ఆమె మెయిల్ రాయాలి. సూరత్‌కు గనక అది హిందీలోనో ఇంగ్లిషులోనో వెళ్తుంది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"నమస్తే భాయ్. 1041, 1058, 1063, 1077 ఆర్డర్లు తప్పు అడ్రస్‌కు వెళ్లాయి. లేబుల్ ఫోటోలు, మా ఆర్డర్ షీట్ జతచేశాను. నాలుగింటిలోనూ Shipping అడ్రస్‌కు బదులు Billing అడ్రస్ ప్రింట్ అయింది. రేపటి నుంచి మా షీట్‌లో Billing కాలమ్స్ తీసేసి పంపుతాను. మీరు రోజూ మధ్యాహ్నం 2 గంటలకల్లా, లేబుళ్లు చూసి ఆర్డర్ నంబర్, పేరు, పిన్‌కోడ్, ఫోన్ చివరి 4 అంకెలు రాసి పంపండి. 3 లోపు ఓకే చెప్తాను. ఓకే రాని పార్శిల్‌ను కొరియర్‌కు ఇవ్వొద్దు. ఓకే లేకుండా పంపినది తప్పితే రానూపోనూ ఖర్చు మీది. నేను ఓకే చెప్పిన వివరాల్లోనే తప్పుంటే ఖర్చు నాది. మీకు సమ్మతమైతే శుక్రవారంలోగా ఈ మెయిల్‌కే జవాబివ్వండి."

ఇందులో కోపం లేదు, నాలుగు నంబర్లూ రుజువులూ ఉన్నాయి. తనవైపు ఏం మారుస్తోందో ముందు చెప్పింది గనక సప్లయర్‌కు కాదనడానికి సందు తక్కువ. జవాబు అదే మెయిల్‌కు వస్తే రేపు ఖర్చు దగ్గర మాటామాటా వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.

మొత్తం మెయిల్‌కు ప్రాణం "లేబుళ్లు చూసి" అన్న షరతు. ఆమె పంపిన షీట్‌నే తిరిగి కాపీ చేసి పంపితే అది ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది, లేబుల్ మీది తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. పార్శిల్ ఏ ఊరికి వెళ్లాలో ప్రధానంగా తేల్చేది పిన్‌కోడ్. 1972 నుంచి వాడుకలో ఉన్న ఈ ఆరంకెల్లో మొదటి రెండూ 50 అయితే చాలావరకు తెలంగాణ, 51 నుంచి 53 దాకా చాలావరకు ఆంధ్రప్రదేశ్. కనుక తెనాలి ఆర్డరుకు ఎదురుగా 50 కనబడితే అక్కడే ఆగాలి. ఒకే ఊరివి రెండు ఆర్డర్లుంటే పిన్‌కోడ్ ఒకటే కావచ్చు. వాటిని విడదీసేది పేరు, ఫోన్ అంకెలు.

ఈ చెక్‌కు అందని తప్పులూ ఉన్నాయి. కొన్నవారే ఇంటి నంబర్ తప్పు ఇస్తే ఇది పట్టుకోలేదు. లేబుల్ సరిగ్గా ఉండి, తొందరలో పక్క ప్యాకెట్‌కు అతికించినా పట్టుకోలేదు. దానికి ప్యాకింగ్ బల్ల దగ్గరే కవరు మీద మార్కర్‌తో ఆర్డర్ నంబర్ రాయించి, లేబుల్ మీది నంబర్‌తో కలిస్తేనే అతికించమనాలి. 2, 3 గంటలన్నది కూడా కొరియర్ సాయంత్రం వచ్చే చోటుకే కుదురుతుంది. బండి మధ్యాహ్నమే వస్తే చెక్‌ను ఉదయానికి జరుపుకోవాలి. కదిలిపోయిన పార్శిల్‌కు పిన్‌కోడ్ మార్పించడం చాలా కష్టం, తరచు వెనక్కి తెప్పించుకుని మళ్లీ పంపాల్సిందే.

మీ సప్లయర్ మెయిల్‌కు సరేనని కూడా రోజువారీ జాబితా పంపకుండానే పార్శిళ్లు వదిలేస్తుంటే, ఇంకో మెయిల్ రాయకండి. కొత్త ఆర్డర్లు వేరే సప్లయర్‌కు ఇవ్వండి.