ఎముక అతికింది, బంతి చచ్చిపోయింది

తొడ ఎముక మెడ విరిగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరికి ఊహించని కష్టం ఎదురవుతుంది. స్క్రూలు వేస్తారు. కొన్ని నెలలకు విరిగిన చోటు అతుక్కుంటుంది, మనిషి నడుస్తాడు. ఏడాదో ఏడాదిన్నరో గడిచాక గజ్జలో నొప్పి మొదలవుతుంది. ఎక్స్‌రే తీస్తే ‘బాల్ చెడిపోయింది, మార్చాలి’ అంటారు డాక్టరు. ఆపరేషనే సరిగ్గా చేయలేదేమోనని ఇంట్లోవాళ్లకు అనుమానం. చాలాసార్లు ఆ నష్టం మనిషి కిందపడిన క్షణంలోనే జరిగిపోయి ఉంటుంది.

తొడ ఎముక పైకొసన ఉండే గుండ్రటి తలనే బంతి అంటాం. అది కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. బంతికీ కింది ఎముకకూ మధ్య ఏటవాలుగా ఉండే సన్నటి భాగం మెడ. బంతిని చాలామేరకు కప్పి ఉంచే నున్నటి మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. కాబట్టి దానికి నెత్తురు ప్రధానంగా మెడ వైపునుంచే రావాలి. తొడలోని పెద్ద ధమని నుంచి చీలిన మీడియల్ సర్కమ్‌ఫ్లెక్స్ అనే శాఖ మెడ మొదలును వెనకనుంచి చుట్టి వస్తుంది. దాని కొమ్మలు కీలు సంచిలోకి దూరి, మెడ ఎముకను అంటిపెట్టుకుని పాకి, బంతి అంచు దగ్గర లోపలికి దిగుతాయి. మెడ పైఅంచు వెంట పోయే కొమ్మలే వీటిలో కీలకం, బరువు మోసే భాగాన్ని పోషించేవి అవే. గిన్నెనూ బంతినీ కలిపే చిన్న బంధనంలో ఇంకో సన్నటి ధమని ఉన్నా, పెద్దవాళ్లలో బంతిని బతికించేంత నెత్తురు దానితో సాధారణంగా అందదు. బంతి పరిస్థితి కాలువ చివరి పొలం లాంటిది. పైన గండి పడితే ముందు ఎండేది అదే.

నలభై ఏళ్ల మనిషి బైకు మీంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడనుకుందాం. కాలు కురచై, పాదం బయటికి తిరిగి ఉంటుంది. విరిగిన ముక్కలు పక్కకు జరిగితే ఎముకను అంటుకుని ఉన్న ఆ కొమ్మలు మెలిపడతాయి, సాగుతాయి, తెగుతాయి. మూలుగలోంచి వచ్చే నాళాలు ఎలాగూ తెగుతాయి. దానికితోడు కీలు సంచిలో నెత్తురు నిండి, మిగిలిన నాళాలను నొక్కేయవచ్చు. ముక్కలు జరగకుండా చీలిక మాత్రమే పడితే ప్రమాదం బాగా తగ్గుతుంది. అదే విరుగుడు మెడకు కాస్త కింద, కీలు సంచికి బయట అయితే బంతి చచ్చిపోవడం అరుదు.

నెత్తురు ఆగిన గంటల్లోనే ఎముకలోని కణాలు చనిపోవడం మొదలవుతుంది. కానీ కణాలు పోయినా ఎముక గట్టిదనం వెంటనే పోదు. ఎక్స్‌రేలో బంతి మామూలుగానే ఉంటుంది, బరువూ మోస్తుంది. మెడ దగ్గర కింది ముక్క బతికే ఉంటుంది కనుక అక్కణ్నుంచి అతుకు పడుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. కొత్త నాళాలు బంతిలోకి పాకుతాయి, వాటి వెంట వచ్చే కణాలు చచ్చిన ఎముకను తినేయడం మొదలుపెడతాయి. తినేసినంత వేగంగా కొత్త ఎముక తయారవదు. మరమ్మతు జరుగుతున్న ఆ దశలో బంతి గుల్లబారి, బరువు పడే చోట మృదులాస్థి కింద చీలి, కుంగిపోతుంది. గుండ్రదనం పోయిన బంతి గిన్నెను కూడా అరగదీస్తుంది. నొప్పి ఆలస్యంగా రావడానికి కారణం ఇదే.

వయసును బట్టి చికిత్స మారేది కూడా అందుకే. డెబ్బై దాటినవాళ్లకు ముక్కలు జరిగిపోతే, చనిపోయే అవకాశమున్న బంతిని కాపాడుతూ కూర్చోకుండా కృత్రిమ బంతి అమర్చి త్వరగా లేపి నడిపించడమే మేలు. నలభై ఏళ్లవాళ్లకు మాత్రం సొంత బంతిని నిలబెట్టడానికి ప్రయత్నించి తీరాలి. ఎన్ని గంటల్లోపు ఆపరేషన్ చేయాలన్నదాని మీద సర్జన్లలో ఏకాభిప్రాయం లేదు. ముక్కలను సరైన స్థానంలోకి తేవడం ముఖ్యమన్నదాని మీద ఉంది. అనవసరంగా ఆలస్యం చేయకూడదన్నది నా అభిప్రాయం కూడా. పైనుంచి వేసే నాటు కట్టు లోతున ఉన్న మెడను కదలకుండా పట్టి ఉంచలేదు. వారాలు గడిచేకొద్దీ మెడ కరిగిపోయి, స్క్రూలతో బాగుచేసే అవకాశం తగ్గిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ముక్కలు జరగని విరుగుడుతో కొందరు కుంటుతూ నడవగలరు, మొదటి ఎక్స్‌రేలో చీలిక కనబడకపోవచ్చు. పడ్డాక కాలు మోపితే గజ్జలో నొప్పి తగ్గకపోతే ఎమ్మారై గురించి అడగండి. స్క్రూలు వేయించుకున్నవాళ్లు నొప్పి లేకపోయినా కనీసం రెండేళ్లపాటు డాక్టరు చెప్పిన తేదీలకు ఎక్స్‌రే తీయించుకోండి. మధ్యలో గజ్జలో నొప్పి వచ్చినా, బాసింపట్టు వేసుకోవడం మళ్లీ కష్టమైనా, ఆ తేదీ కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి.