కొటేషన్‌కు గడువు, ఆర్డరుకు తాళం

రాగి ధర కదిలితే కరెంటు వైరు ధరా కదులుతుంది. అందుకే వైర్ల దుకాణం ఇచ్చే కొటేషన్‌లో ధరకన్నా ముందు నేను చూసేది గడువు తేదీ. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, చెప్పిన గడువులోగా అంగీకారం రాకపోతే ఆ ప్రతిపాదన రద్దయినట్టే.

ఒక లెక్క చూద్దాం. ఇళ్లు కట్టే కాంట్రాక్టరుకు 40 చుట్టలు, చుట్ట 2,400 రూపాయల చొప్పున, 7 రోజుల గడువుతో కొటేషన్ ఇచ్చారనుకోండి. 50 తీసుకుంటానని ఆయన బేరమాడితే ధర 2,350కి దిగింది. చాలామంది ఇక్కడ పాత కాగితం మీదే అంకె దిద్దేస్తారు. అది తప్పు. పాతదాన్ని అలాగే ఉంచి, ‘సవరణ 1’ అని తేదీతో కొత్తది ఇవ్వాలి. మొదటిది ఇక చెల్లదని అందులోనే రాయాలి. లేకపోతే 40 చుట్టలకే 2,350 వేసిన ఆర్డరు వస్తుంది, ఎవరు దేనికి ఒప్పుకున్నారో తేలదు.

కాంట్రాక్టరు సరేనన్నాక, ఆర్డరులోకి ధర ‘సవరణ 1’ నుంచే రావాలి, ఆ రోజు ధరల పట్టీ నుంచి కాదు. సాఫ్ట్‌వేర్ తాజా ధర తెచ్చిపెడితే, పన్ను కాకుండా 1,17,500 ఉండాల్సిన మొత్తం మారిపోతుంది. సరిచూడటం తేలికే. పట్టీలో ధర మార్చి, పాత ఆర్డరు తెరవండి. మొత్తం కదిలిందంటే ధరకు తాళం పడలేదన్నమాట.