పదిన్నర లక్షలా, తొమ్మిది లక్షలా?

మంగళగిరి చేనేత చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మే ఒక వ్యాపారిని ఊహించుకుందాం. ఏప్రిల్ మొదట్లో ఆయన చేతికి రెండు రిపోర్టులు వచ్చాయి. వెబ్‌సైట్ లెక్కలో మార్చి అమ్మకాలు 10,50,000 రూపాయలు, అకౌంటెంట్ లెక్కలో 9,00,000. లక్షన్నర ఏమైందన్నది ఆయన మొదటి ప్రశ్న. ఎవరైనా తిన్నారా అన్నది పైకి అనని రెండో ప్రశ్న.

డబ్బు ఎక్కడికీ పోలేదు. కొనేవారు ఆర్డరు పెట్టిన రోజునే, జీఎస్టీతో సహా, వెబ్‌సైట్ దాన్ని అమ్మకంగా చూపిస్తుంది. తర్వాత రద్దయినా ఆ అంకె తగ్గదు. అకౌంటెంట్ మాత్రం సరుకు పంపి బిల్లు వేసిన రోజున, పన్ను తీసేసి రాస్తారు. పన్ను ప్రభుత్వానిది, వ్యాపారి దాన్ని వసూలు చేసి కడతాడంతే.

అకౌంటెంట్ రాసిన జవాబు ఇలా ఉంది: "నమస్కారమండీ. రెండు లెక్కలూ సరైనవే, కొలిచే పద్ధతే వేరు. వెబ్‌సైట్ చూపిన 10,50,000లో రద్దయినవి, వాపసు వచ్చినవి 84,000. మార్చి చివర్లో ఆర్డరు వచ్చి ఏప్రిల్లో పంపినవి 63,000. ఈ రెండూ తీసేశాను. ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చి మార్చిలో పంపిన 42,000 కలిపాను. 9,45,000 వచ్చింది. అందులో జీఎస్టీ 45,000 పోగా 9,00,000. లెక్క తేలని రూపాయి ఏదీ మిగల్లేదు."

ఈ ఉత్తరంలో నాకు నచ్చింది 'ఇతరాలు' అన్న పద్దు లేకపోవడం. తేడా దొరకనప్పుడు చాలామంది దాన్ని అక్కడే దాచేస్తారు.

పన్ను దగ్గర తప్పు సులువుగా దొర్లుతుంది. చీరలపై జీఎస్టీ 5 శాతం కదా అని 9,45,000లో 5 శాతం తీస్తే 47,250 వస్తుంది. కానీ ఆ మొత్తంలో పన్ను ముందే కలిసి ఉంది కాబట్టి 1.05తో భాగించాలి. అప్పుడే పన్ను 45,000 అని తేలుతుంది. మీ లెక్కలో 2,250 తేడా మిగిలితే ముందు ఇక్కడ చూడండి. మొత్తాలు కలిసినంత మాత్రాన కూడా సరిపోదు. ఒక తప్పు ఎక్కువ చూపి, ఇంకొకటి అంతే తక్కువ చూపితే రెండూ కొట్టుకుపోతాయి. అందుకే ఆర్డరు నంబర్లను బిల్లు నంబర్లతో ఒక్కొక్కటిగా పోల్చాలి.

చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. 'ఆర్డర్ల విలువ' అంటే వెబ్‌సైట్ అంకె, 'నికర అమ్మకాలు' అంటే పుస్తకాల అంకె. ప్రకటనలు ఏమాత్రం పనిచేశాయో చూడటానికి మొదటిది, బ్యాంకు రుణానికీ పన్నుకూ రెండోది. మీ దగ్గరా రెండు రిపోర్టులుంటే, ఒక్కోదానిలో తేదీ ఏది, పన్ను కలిసిందా, వాపసులు తీసేశారా అన్నది రిపోర్టు పైనే రాయించండి.