సైటు తెరవండి, ఎందుకు మూశారో కూడా చెప్పండి

కడియంలో మొక్కల నర్సరీ నడిపే ఒకాయన ఉన్నారనుకుందాం. ఆయన వెబ్‌సైటు బాగోగులు చూసేది రాజమండ్రిలో ఉండే ఓ డెవలపర్. ఒకరోజు పొద్దున్నే హైదరాబాద్ నుంచి కస్టమర్ ఫోన్ చేసి, ఆర్డరు పెడదామంటే సైటు రావడం లేదంటాడు. తెరిచి చూస్తే మందారాలు, క్రోటన్లు ఉండాల్సిన చోట తెల్లటి పేజీ మీద రెండే మాటలు కనిపిస్తాయి: Account Suspended.

"డబ్బులు కట్టేశాం కదా బాబూ, మరెందుకు ఆపేశారు?" అని ఓనరు అడుగుతారు.

సరిగ్గా ఈ ప్రశ్నే హోస్టింగ్ కంపెనీకి వెళ్లాలి. కానీ కంగారులో చాలామంది డెవలపర్లు రాసే మెయిల్‌లో ఇది ఉండదు. "మా సైటు ఆగిపోయింది, వ్యాపారం దెబ్బతింటోంది, దయచేసి వెంటనే తెరవండి" అని రాసి పంపేస్తారు. అవతలి నుంచి ముందే రాసిపెట్టుకున్న జవాబు వస్తుంది: మీ ఖాతా మా నిబంధనలను ఉల్లంఘించింది, సమస్య సరిచేసి తెలపండి. ఏ సమస్యో తెలియకుండా ఏం సరిచేయాలి?

బాకీ పడటం, సర్వర్ మీద అతి భారం మోపడం, సైటులో ఎవరో దొంగ బ్యాంకు పేజీ పెట్టడం వంటి కారణాలతో ఖాతాలు ఆపేస్తుంటారు. మన నర్సరీ ఖాతా ఆగింది మాత్రం స్పామ్ వల్ల. అర్ధరాత్రి దాటాక దాని నుంచి వేల కొద్దీ ఉత్తరాలు పోయాయి. చవక హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లుంటాయి, సాధారణంగా అన్నీ ఒకే ఐపీ చిరునామాతో మెయిల్ పంపుతాయి. ఒక్క ఖాతా స్పామ్ పంపితే స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు ఆ ఐపీనే తమ జాబితాలోకి ఎక్కిస్తాయి. అప్పుడు ఏ పాపం తెలియని పక్క సైట్ల ఉత్తరాలు కూడా తిరుగుటపాలో వచ్చేస్తాయి. అందుకే కంపెనీ ముందు ఖాతా మూసి, తర్వాత మాట్లాడుతుంది. ఆ పని తప్పుకాదు. కారణం చెప్పకపోవడమే తప్పు.

తెలివైన డెవలపర్ మెయిల్ ఎలా ఉంటుందో చూద్దాం. మొదటి జాగ్రత్త, దాన్ని నర్సరీ డొమైన్ మీదున్న మెయిల్ నుంచి పంపకూడదు. ఖాతా ఆగితే సాధారణంగా ఆ మెయిల్‌బాక్స్‌లోకి లాగిన్ కూడా ఆగిపోతుంది, జవాబు వచ్చినా చేతికందదు. కంపెనీ దగ్గర నమోదైన వేరే చిరునామా నుంచి రాయాలి. సబ్జెక్టులో డొమైన్ పేరు, టికెట్ నంబరు ఉంటే చాలు. పాస్‌వర్డు మాత్రం ఎవరడిగినా మెయిల్‌లో పెట్టకూడదు.

ఇక అసలు సంగతి. "ఖాతా ఏ సమయానికి ఆగింది? ఏ ఫైలు వల్ల? బయటికి వెళ్లిన ఉత్తరాల్లో ఒకదాని పూర్తి హెడర్లు, ఆ ముందు రోజుల యాక్సెస్ లాగ్‌లు పంపగలరా? సైటును జనానికి ఇప్పుడే తెరవనక్కర్లేదు. మెయిల్ పంపే వీలు ఆపేసి, నా ఐపీకి మాత్రం ఫైళ్లు చూసే అనుమతి ఇవ్వండి. దయచేసి పాత బ్యాకప్ ఎక్కించకండి, ఆధారాలు పోతాయి." సారాంశం ఇంతే. ఇలా అడిగితే మొదటి వరుస సపోర్టు ఉద్యోగి దాన్ని లోపలున్న అబ్యూజ్ విభాగానికి పంపక తప్పదు. లాగ్‌లు చూసేది, నిర్ణయం తీసుకునేది సాధారణంగా వాళ్లే. లాగ్‌లను చాలా సర్వర్లు కొద్ది రోజులే దాచుకుంటాయి కాబట్టి ఈ మెయిల్ మొదటి రోజే వెళ్లాలి.

జవాబులో స్పామ్ మంగళవారం 20:40కి మొదలైందని వస్తుంది. ఆ వేళకు ఆఫీసులోనే ఉన్నానే, ఏమీ కాలేదే అని డెవలపర్ తికమకపడతాడు. చాలా సర్వర్ల గడియారం యూటీసీలో నడుస్తుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన బుధవారం తెల్లవారుజాము 2:10 అవుతుంది. ఏ కాలమానమో అడగకుండా లాగ్ వెతికితే పూటంతా వృథా.

హెడర్లలో ఇలాంటి వరుస ఒకటి దొరుకుతుంది:

```
X-PHP-Originating-Script: 1004:wp-cache-old.php
```

పీహెచ్‌పీలో ఆ సెట్టింగ్ పెట్టి ఉంటే ప్రతి ఉత్తరానికీ ఈ ముద్ర పడుతుంది. 1004 అన్నది సర్వర్‌లో ఖాతా నంబరు, పక్కనున్నది ఉత్తరం పంపిన ఫైలు పేరు. డెవలపర్ తాను ఎన్నడూ రాయని ఫైలది. మరి లోపలికెలా వచ్చింది? లాగ్‌లో వెనక్కి వెళ్తే ఇది కనిపిస్తుంది:

```
POST /wp-content/plugins/wp-file-manager/lib/php/connector.minimal.php 200
```

ఇది కల్పించిన లోపం కాదు. వర్డ్‌ప్రెస్‌కు చెందిన ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో 2020 సెప్టెంబరులో బయటపడింది. అప్పటికి ఏడు లక్షలకు పైగా సైట్లలో ఆ ప్లగిన్ ఉంది. లాగిన్ అక్కర్లేకుండానే ఎవరైనా పీహెచ్‌పీ ఫైలు ఎక్కించే వీలు దానివల్ల కలిగింది. 6.9 వెర్షన్‌లో సరిచేశారు. మన నర్సరీ సైటులో మాత్రం ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పాత వెర్షనే ఉండిపోయింది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్పామ్ పోయిన రాత్రే దొంగ లోపలికి వచ్చాడనుకుని అంతకు ముందురోజు బ్యాకప్ ఎక్కిస్తారు. ఫైలు ఎక్కించింది మూడు వారాల ముందైతే, ఆ బ్యాకప్‌లోనూ ఆ ఫైలుంటుంది. ఫైలు పక్కన కనిపించే తేదీని నమ్మడానికి లేదు, దాన్ని మార్చడం చాలా తేలిక. `stat` కమాండ్ చూపే Change సమయాన్ని మార్చడం అంత తేలిక కాదు. బ్యాకప్ ఎక్కిస్తే ఆ సమయం కూడా కొత్తదైపోతుంది. ఎక్కించొద్దని మెయిల్‌లో కోరింది ఇందుకే.

శుభ్రం చేయడంలో రెండు కమాండ్లు బాగా ఉపయోగపడతాయి:

```
wp core verify-checksums
find wp-content/uploads -name "*.php"
```

మొదటిది వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్లలో ఎవరైనా చెయ్యిపెట్టారేమో చెబుతుంది. రెండోది ఫొటోలు మాత్రమే ఉండాల్సిన ఫోల్డరులో దాక్కున్న ప్రోగ్రాములను బయటపెడుతుంది. ఆ తర్వాత ఆ ప్లగిన్ పీకేయాలి, తెలియని అడ్మిన్ యూజర్లను, క్రాన్ జాబులను తీసేయాలి, డేటాబేస్ పాస్‌వర్డు మార్చాలి. అదే ఖాతాలో ఇంకో సైటు ఉంటే దాన్నీ ఇలాగే వెతకాలి, ఎందుకంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉంటుంది. ఎంత వెతికినా ఎక్కడో ఒకటి మిగిలిపోయిందన్న అనుమానం ఉంటే డేటాబేస్, ఫొటోలు మాత్రం ఉంచుకుని మిగతాదంతా కొత్తగా పెట్టుకోవడమే మేలు.

అప్పుడు రెండో మెయిల్. దొంగ ఎక్కడి నుంచి వచ్చాడు, ఏ ఫైళ్లు తీశాం, ఏం మార్చాం అన్నవి నాలుగు వాక్యాల్లో రాసి, క్యూలో మిగిలిన స్పామ్ ఉత్తరాలను చెరిపేయమని, ఆ ఐపీ ఏ జాబితాలోనైనా ఉంటే చెప్పమని కోరాలి. అబ్యూజ్ విభాగానికి కావలసింది క్షమాపణ కాదు, దారి మూసుకుపోయిందన్న నమ్మకం. అది కుదిరితే సైటు తెరుస్తారు.

హోస్టింగ్ కంపెనీలకు ఒక విజ్ఞప్తి. ఖాతా ఆపిన సమయం, పట్టుబడిన ఫైలు పేరు, ఒక ఉత్తరం హెడరు చాలాసార్లు అప్పటికే మీ దగ్గరుంటాయి. వాటిని చూసే కదా మూశారు. ఆ మూడింటినీ మొదటి నోటీసులోనే పెట్టండి, ఏ కాలమానమో కూడా రాయండి.